విత్తనశుద్ధి ఉత్తరంలో రాయని వాక్యం

వ్యవసాయ డిగ్రీ చేతికొచ్చాక నేను రాసిన మొదటి అధికారిక ఉత్తరం ఒక రైతు సంఘానికి. ఖరగ్‌పూర్ దాటి సైకిల్ మీద అరగంట పోతే వచ్చే పల్లెలో ఇరవై మంది సభ్యుల సంఘం అది. నేను పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్ల దగ్గర విత్తనశుద్ధి మీద ఒకరోజు శిక్షణ పెట్టమంది. ఖరగ్‌పూర్‌లోనే ఖరిదా పేటలో మా ఇంటి వరండాలో కూర్చుని బెంగాలీలో రాశాను. నారుమడి పోయకముందే విత్తనానికి మందు పట్టిస్తే వచ్చే లాభం, కార్బెండజిమ్ పొడి కిలోకి రెండు గ్రాములన్న మోతాదు, రాబోయే ఆదివారం తేదీ, చివర్లో నా సంతకం. సంతకం మిగతా ఉత్తరం కంటే కొంచెం పెద్దదిగా వచ్చింది.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయిన మా నాన్న ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పించుకుని విన్నాడు.

"ఏట్రా ఇది? ఇంత రాసినావు, సెయ్యొద్దు అన్న ముక్క ఒక్కటీ నేదేటి? మా షాపులో నోటీసంటే మొదట అదే ఉండీది."

"నాన్నా, ఇది పిలుపు. డేంజర్ బోర్డు కాదు."

"పిలుపైతే పెళ్లికి పిలిసినట్టు పిలు. మందు లెక్క ఎందుకు?"

మోతాదు రాస్తేనే మనకి విషయం తెలుసని జనం నమ్ముతారని చెప్పాను. డిగ్రీ ఇచ్చే ధైర్యాల్లో ఇదొకటి.

ఉత్తరం సంఘం అధ్యక్షుడికి స్వయంగా ఇచ్చాను. అరవై దాటిన మనిషి. నేను ఆయన్ని కాకూ అనీ, వాళ్లావిడని కాకీమా అనీ పిలిచేవాణ్ణి, మన బాబాయి, పిన్నిల్లాగా. నమ్మకం కుదరడం కోసం ఉత్తరంతోపాటు వంద గ్రాముల మందు పొట్లం కూడా ఆయన చేతిలో పెట్టాను, సభ్యులకి చూపించమని. ఇప్పటికీ నా మీద నాకు అంత గౌరవం లేకపోవడానికి ఉన్న కారణాల్లో ఈ పొట్లానిది ముందు వరస.

శిక్షణకి మూడు రోజుల ముందు, గురువారం పొద్దున్న, నీళ్లకి, నీడకి ఏర్పాటు చూద్దామని వెళ్లాను. కాకూ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఆ మాటలన్నీ బెంగాలీలో జరిగాయి, నాకు చేతనైన తెలుగులో చెబుతున్నాను.

"నీ పాఠం నేను ముందే చదివేశాను మాస్టర్! ఆదివారం అందరి ముందూ తెల్లమొహం వేస్తే అధ్యక్షుడి పరువేం కాను? అందుకని మొన్న ఒక బస్తాకి పట్టించేశాను. యాభై కిలోలకి వంద గ్రాములు. లెక్క సరిపోయిందా?"

లెక్క సరిపోయింది. మా కాలేజీలో కూడా ఇంత కచ్చితంగా చేసినవాళ్లని నేను చూడలేదు.

"భలే. ఆ బస్తా ఏది కాకూ?"

పెరట్లోంచి పొగ వాసన వచ్చింది. పొయ్యి మీద పెద్ద డేగిసా, అందులో రాత్రినుంచీ నానిన ధాన్యం. కాకీమా ఉప్పుడు బియ్యానికి ఉడకబెట్టబోతోంది. ఎండుటాకులు అంటుకున్నాయి, కట్టెలు ఇంకా పట్టుకోలేదు.

"కాకీమా, మంట ఆపండి."

"ఎందుకు?"

నేను చెంబుతో నీళ్లు పొయ్యిలో పోశాను. పరాయి ఇంటి పొయ్యి మీద నీళ్లు పోసినవాడికి ఆ ఇంట్లో ఎంత మర్యాద ఉంటుందో అంతా దక్కింది. అప్పుడు చెప్పాను. మందు పట్టించిన ధాన్యం విత్తడానికి తప్ప దేనికీ పనికిరాదని. తినకూడదని, బాతులకి వెయ్యకూడదని.

కాకీమా పెనిమిటి వైపు చూసింది. "నాకు చెప్పావా?"

"ఉత్తరంలో లేదే!" అన్నాడు కాకూ. జేబులోంచి ఉత్తరం తీశాడు. మడతలు నలిగేలా చదివినట్టుంది. "చూపించు. ఎక్కడుంది?"

లేదు. నా సంతకం మాత్రం ఉంది.

గదిలో ఒకేలాంటి యాభై కిలోల గోనె బస్తాలు రెండు. ఒకటి నిండుగా, ఒకటి నిన్ననే డేగిసా కోసం విప్పడంతో సగం ఖాళీగా. రెండూ నిరుటి వానాకాలపు ఆమన్ పంటే, ఒకే రకం. కొత్త పంట ఇంటికొచ్చేదాకా ఆ ఇద్దరికీ తిండి వాటిలోంచే.

"గోడవైపు బస్తాకి పట్టించాను," అన్నాడు కాకూ.

"నిన్న ఊడవడానికి రెంటినీ జరిపాను," అంది కాకీమా. "మళ్లీ ఎటు పెట్టానో ఎవరికి తెలుసు?"

గుప్పెడు గుప్పెడు తీసి ఎండలో చూశాను. వేళ్ల మధ్య నలిపాను. వడ్ల దుమ్ము తెల్లదే, మందూ తెల్లదే. నాలుగేళ్ల చదువుకి ఆ రెండు గుప్పెళ్లకీ తేడా తెలియలేదు.

"నాలుగు నీళ్లు కడిగితే పోదా?" కాకీమా గొంతు తగ్గింది.

"కొంత పోతుంది. ఎంత పోతుందో నాకు తెలీదు. తెలీనప్పుడు తినండని చెప్పలేను."

"మొన్న రాత్రి మేం తిన్నది?"

నేను గబగబా రోజులు వెనక్కి లెక్కేశాను. మందు పట్టించింది మంగళవారం. తిన్న బియ్యం ఎప్పుడు ఉడికించిన ధాన్యంలోవి? కాకీమా వేళ్ల మీద లెక్కపెట్టి, అంతకు ముందు వారంలోవని తేల్చింది. నేను మళ్లీ లెక్కపెట్టించాను. మూడోసారి అడిగేసరికి నాకు ఆవిడ చీపురు కనబడింది.

ఇక మిగిలింది రెండు బస్తాలు, ఒక డేగిసా. పారబోయమని చెప్పడం తేలిక, చెప్పేవాడి ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంటే. కాకూ అరుగు మీద కూలబడి ఉత్తరాన్ని మళ్లీ మడతపెడుతున్నాడు. డేగిసాకేసి చూస్తూ కూర్చున్నాను. నానిన ధాన్యం, ఇంకా వేడి తగల్లేదు. నారుమడికి కూడా మొదట చేసేది నానబెట్టడమే కదా.

"కాకూ, సంఘంలో ఇరవై మంది. తలా ఒక బిఘా, అంటే ఎకరంలో మూడోవంతు, వేసినా బిఘాకి ఐదారు కిలోల విత్తనం. మొత్తం ఎంత?"

ఆయన తలెత్తాడు. లెక్కల మనిషి. "వంద పైన."

"మీ వంద కిలోలూ అందరూ విత్తనంగా తీసుకుని, దాచుకున్న విత్తనపు వడ్లు మీకు తిండికిస్తే?"

"ఇస్తారా?" అంది కాకీమా.

అది నాకూ తెలీదు. నానినవి గోనె కప్పి మండె కడితే రెండు రోజుల్లో మొలకలొస్తాయి, ఆదివారందాకా ఆగవు. శిక్షణ రేపే పెట్టాలి. డేగిసా నీళ్లు చెరువు వైపు పోకుండా దూరంగా గొయ్యి తీసి పోశాం. బాతులని కాకీమా గూట్లో పెట్టి గడియ వేసింది. కాకూ ఇంటింటికీ తిరిగాడు. ఎవరింటికెళ్లినా మొదట తన తప్పు చెప్పేవాడు, తర్వాత నాది. నాది కాస్త పొడుగ్గా చెప్పేవాడట.

శుక్రవారం పదిహేడు మంది వచ్చారు. సగంమందికి శిక్షణ మీద కంటే గొడవ మీద ఆసక్తి. నేను మందు మోతాదు చెప్పలేదు. తినకూడదు, కోళ్లకి వెయ్యకూడదు, తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు, బస్తా మీద ఎర్ర దారం కట్టాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి. ఇవన్నీ అయ్యేసరికి గంట పట్టింది.

"మా మంచి వడ్లిచ్చి ఈ విషం పట్టుకెళ్లాలా దాదా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"నువ్వు విత్తనానికి పట్టించేది కూడా ఇదే మందు," అన్నాడు కాకూ. "నేను ముందే పట్టించి పెట్టాను, నీకు శ్రమ తప్పింది."

నవ్వారు. నవ్వినవాడు ఇవ్వకుండా వెళ్లలేడు కాబట్టి అడిగినాయనే ముందు సంచి విప్పాడు. సాయంత్రానికి రెండు బస్తాలూ, డేగిసా ఖాళీ అయ్యాయి. రానివాళ్ల వాటా పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు.

కాకీమా మాత్రం వచ్చిన ప్రతి సంచిలోంచీ ఒక వడ్లగింజ తీసి, గోటితో ఒలిచి, పంటి కింద కొరికి చూసింది. ఆఖరి సంచి నేను ఎత్తివ్వబోయాను.

"ఆగు. నీ చేతులు చూపించు."

రెండు చేతులూ చాపాను. తిప్పి చూసింది, వాసన చూసింది.

"సబ్బుతో కడుక్కుని రా," అంది. "అప్పుడు ఎత్తు."