స్పెషలైజేషన్ ఎంచుకున్న చలికాలం

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో ఉన్నాను. ఎం.టెక్ కంప్యూటర్ సైన్స్ మొదటి సెమిస్టర్ పరీక్షలు అయిపోయి ఇంటికి వస్తున్నాను. సెలవులు ముగిసేలోగా ఎవరికి ఏ స్పెషలైజేషన్ కావాలో చెప్పమని డిపార్ట్‌మెంట్ వాళ్లు రాశారు. మెషీన్ లెర్నింగ్, సెక్యూరిటీ, సిస్టమ్స్. మూడింటిలో ఒకటి. ఒకసారి చెప్పాక మార్చుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత చదివే సబ్జెక్టులు, థీసిస్, గైడ్ అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

చదివి ఫోన్ బ్యాగులో పెట్టేశాను. కాసేపటికి మళ్లీ తీసి చూశాను. ఈలోపు అందులో ఏమైనా మారుతుందన్నట్టు.

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. నల్లగొండ బయట ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఏళ్లతరబడి పాఠాలు చెప్పినదాన్ని. సీ లాంగ్వేజి, ఆపరేటింగ్ సిస్టమ్స్ నా సబ్జెక్టులు. ఒక ఏడాది మేనేజ్‌మెంట్ కంప్యూటర్ బ్రాంచి పేరు మార్చి ముందు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని తగిలించింది. కొత్త సబ్జెక్టులు చెప్పగలిగిన వాళ్లనే ఉంచుకుంటామని ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచి మెల్లగా చెప్పాడు. నేను గేట్ రాసి, సీటు తెచ్చుకుని, ఉద్యోగం మానేశాను. పాపను అప్పుడే బడిలో వేశాం. వారమంతా నేను హాస్టల్లో, పాప మా అత్తమ్మ దగ్గర.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం, పగటిపూట చేసేది, ప్రతి ఎండాకాలం వచ్చే ఏడాది ఉంటుందో లేదో అని ఎదురుచూడనక్కరలేనిది. దానికి ఈ మూడింటిలో ఏది దారి? ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట. పైగా ఆ రోజుల్లోనే, అడిగితే చాలు ప్రోగ్రామ్ రాసిచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. హాస్టల్లో నా రూమ్మేట్ మా ల్యాబ్ అసైన్‌మెంట్ దానికి ఇచ్చి చూసింది. మేము వారమంతా తన్నుకులాడిన పనిని అది కళ్లముందే రాసేసింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనకు మెయిల్ చూపించాను. ఆయన ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు.

"ఇందుల ఆలోచించుడేముంది? మెషీన్ లెర్నింగ్ తీస్కో. పేపర్ల నిండ గదే ఉంటాంది. రేపు అవుసరమైతే మల్ల కాలేజీల కూడ పనికొస్తది," అన్నాడు.

"నాకది భయమైతాంది."

"లెక్కలకా? నేను చెప్త గదా."

లెక్కలకు కాదు. ఆ భయం ఎక్కడ మొదలైందో ఆయనకు చెప్పలేదు. మొదటి సెమిస్టర్‌లో మాకందరికీ ఒక మెషీన్ లెర్నింగ్ పేపర్ ఉండేది. దాని ప్రాజెక్టు కోసం రామన్నపేట దగ్గర మా అత్తమ్మ తమ్ముడి పత్తి చేనుకు పోయి, తెగులు సోకిన ఆకులవీ మంచి ఆకులవీ ఫొటోలు తీసుకొచ్చాను. ఫొటో చూసి తెగులుందో లేదో చెప్పే మోడల్ చేశాను. అది దాదాపు అన్నీ సరిగ్గానే చెప్పింది. నాకు గాల్లో తేలినట్టయింది. క్లాసులో చూపిస్తే సారు ఒక్కటే అడిగాడు.

"ఒక్కో ఆకును ఎన్ని ఫొటోలు తీశారమ్మా?"

నాలుగైదు కోణాల నుంచి తీశానని చెప్పాను. వాటన్నిటినీ కలిపేసి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షించడానికి విడదీశాను. అంటే నేర్చుకునేటప్పుడు చూసిన ఆకునే పరీక్షలో మళ్లీ చూసింది నా మోడల్. ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లవాడికి మార్కులు వచ్చినట్టు. ఆకుల వారీగా విడదీసి మళ్లీ నడిపితే సగం సగమే సరిగ్గా చెప్పింది. బొమ్మాబొరుసూ వేసినా అంతే వచ్చేది. సారు కోప్పడలేదు. అందరూ చేసే తప్పే అన్నాడు. కానీ నన్ను భయపెట్టింది తప్పు కాదు. అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపిస్తూ తప్పుగా ఉండటం, అది నాకు తెలియకపోవడం. ప్రోగ్రామ్ ఆగిపోతే ఎందుకాగిందో వెతుక్కోగలను. ఆగకుండా అబద్ధం చెప్తే ఏం చేయాలి? రేపు ఉద్యోగంలో అడిగేవాళ్లు లేకపోతే?

ఆ వారం అన్నం సయించలేదు. అత్తమ్మ కంచంలో పప్పు వేస్తూ, "ఏందో మనసుల పెట్టుకొని కుములుతున్నవ్ బిడ్డా. జరంత తిను," అనేది. పాప నా ఒళ్లో కూర్చుని, "అమ్మా, సెలవులు అయిపోతే మళ్ల పోతవా?" అని రోజూ అడిగేది. పోతానని చెప్తూ దాని జడ విప్పి మళ్లీ అల్లేదాన్ని. ఇంత దూరం వచ్చి తప్పు దారి పట్టానని రేపు తేలితే, ఈ పిల్లకు దూరంగా గడిపిన రోజులకు ఏం జవాబు చెప్పాలి?

అప్పుడు నా పాత విద్యార్థి ఒకడు గుర్తొచ్చాడు. హుజూర్‌నగర్ అబ్బాయి. నా దగ్గర డిప్లొమా చేసి, తర్వాత బీటెక్, ఎం.టెక్ చదివి, సెక్యూరిటీలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఫోన్ చేస్తే ఆ శనివారమే ఊరికి వస్తున్నానన్నాడు. నార్కట్‌పల్లిలో దిగుతానని, అక్కడ కలుద్దామని చెప్పాడు. నేను చదువు చెప్పినవాడినే సలహా అడగడానికి పోతుంటే కొంచెం సిగ్గుగానే ఉండింది.

హైవే పక్కన ఒక హోటల్లో కూర్చున్నాం. మనిషి చిక్కిపోయాడు. కళ్ల కింద నలుపు.

"ఏం జేస్తరు రా మీ దగ్గర, రోజంతా?" అన్నాను. పేరు గొప్పది గానీ పని ఏమిటో నాకు నిజంగా తెలియదు.

"స్క్రీన్ ముంగట కూసుంటం మేడం. కంపెనీల నెట్‌వర్క్‌ల ఏదన్న తేడా కొడితే అలర్ట్ వస్తది. నిజంగ ఎవడన్న జొరబడ్డడా, ఉత్తదేనా అని చూసి చెప్పాలె. ఎక్కువ ఉత్తయే. గని ఏది ఉత్తదో, ఏది నిజమో ముందుగాల తెల్వదు గదా."

"షిఫ్టులా?"

"షిఫ్టులే. పగలు కొన్నాళ్లు, రాత్రి కొన్నాళ్లు. కొత్తోళ్లందరికి గంతే. సెక్యూరిటీల వేరే పనులు కూడ ఉన్నయి, ప్రోగ్రామ్‌ల లొసుగులు వెతికేటియి, గట్లాంటియి. గా పనులకు పోవాలంటే టైం పడ్తది."

అంతలో టేబుల్ మీద అతని ఫోన్ మోగింది. ఉలిక్కిపడి చేయి తగిలించి గ్లాసు పడేశాడు. టీ ఒలికింది. చూస్తే వాళ్లమ్మ. మాట్లాడి పెట్టేశాక, తల వంచుకుని చెప్పాడు. ఈ మధ్య ఒక అలర్ట్‌ను ఉత్తదేనని మూసేశాడట. తర్వాత షిఫ్టు అమ్మాయికి అనుమానమొచ్చి తెరిచి చూస్తే నిజంగానే ఎవరో దొంగ పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చి ఉన్నారు. వెంటనే పట్టుకున్నారు కాబట్టి నష్టం జరగలేదు.

"నన్నెవ్వరేం అనలే మేడం. గని అప్పటి సంది నిద్ర పడ్తలేదు."

అతని చేతి మీద చేయి వేశాను. ధైర్యం చెప్పించుకోవడానికి వచ్చినదాన్ని, అతని భయం కూడా మోసుకుని లేచాను. బస్సు ఎక్కబోతూ అతను అన్న మాట మాత్రం పట్టుకున్నాను.

"ఉద్యోగం పేరు చూడకుండ్రి మేడం. ఇస్తున్న ప్రకటనల ఏం పని చేయమంటున్నరో చూడుండ్రి. ఒక్కటి చెప్త. మా దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ గట్టిగ వచ్చినోడే నిలబడ్తాండు. మాకు మీరు చెప్పిందే గది."

తర్వాతి రోజుల్లో ఉద్యోగ ప్రకటనలు చదివాను. మెషీన్ లెర్నింగ్ ఉద్యోగాలు చాలా ఉన్నాయి, కానీ కొత్తవాళ్లకు తక్కువ. చాలావాటికి పరిశోధన పత్రాలో, అనుభవమో అడుగుతున్నారు. సిస్టమ్స్ ప్రకటనలు అసలే తక్కువ. డేటాబేస్‌లు, స్టోరేజీ, అనేక యంత్రాలు కలిసి ఒకే పని చేసే ఏర్పాట్లు. అడిగేవన్నీ నేను ఏళ్లుగా బోర్డు మీద రాసినవే. సంతోషించాలా, ఇంత తక్కువేమిటని భయపడాలా? రెండోదే చేశాను.

గడువుకు రెండు రోజుల ముందు మళ్లీ హైదరాబాద్ పోయి, ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే మేడం గదికి వెళ్లాను. ఇంకా సెలవులే, కారిడార్లో ఎవరూ లేరు.

"సిస్టమ్స్ తీసుకుంటే నాకు ఉద్యోగం వస్తుందా మేడం?" అన్నాను. అంత సూటిగా అడుగుతానని నేనూ అనుకోలేదు.

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "నేను హామీ ఇవ్వలేనమ్మా. కంపెనీలు ముందు అందరికీ ఒకే రకం కోడింగ్ పరీక్ష పెడతాయి. అది దాటాకే నీ స్పెషలైజేషన్ సంగతి. అప్పుడు నువ్వు థీసిస్‌లో నిజంగా ఏం చేశావో తవ్వి తవ్వి అడుగుతారు. ఏ పని గురించి అట్లా గంటసేపు అడిగినా నిలబడగలవో అది తీసుకో."

"మెషీన్ లెర్నింగ్ వదిలేస్తే వెనకబడిపోతానేమో."

"వదిలేయమని ఎవరన్నారు? ఓపెన్ ఎలెక్టివ్ ఒకటి ఏ విభాగం నుంచైనా తీసుకోవచ్చు. అందులో మెషీన్ లెర్నింగ్ పేపర్ పెట్టుకో. పెద్ద మోడళ్లను ఎన్నో యంత్రాల మీద నడిపించాలి కదా. మధ్యలో ఒకటి చెడిపోతే పని ఆగకుండా చూసేది ఎవరనుకున్నావ్? సిస్టమ్స్ వాళ్లే."

ఆ గదిలోనే కూర్చుని సిస్టమ్స్ అని పంపాను. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "సరే, నీకు తెల్సినదాన్నే తీసుకున్నవ్," అన్నాడు. అది మెచ్చుకోలో నిట్టూర్పో అర్థం కాలేదు.

క్లాసులో సగానికి పైగా మెషీన్ లెర్నింగ్‌కు పోయారు. సిస్టమ్స్‌లో మేము ఒక బెంచీకి సరిపోయేంత మందిమి. రాస్తూ రాస్తూ కరెంటు పోయినా డేటా చెడిపోకుండా చూడటం మీద థీసిస్ చేశాను. మార్పును ముందు లాగ్ అనే ఒక చిట్టాలో రాసి, అది డిస్కుకు చేరిందని తేలాకే అసలు చోట రాయాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఏడాది పట్టింది.

ప్లేస్‌మెంట్ల సీజన్లో ఆ భయం మళ్లీ మొదటి నుంచి వచ్చింది. మొదట వచ్చిన కంపెనీల్లో కొన్ని మెషీన్ లెర్నింగ్ వాళ్లనే పరీక్షకు కూర్చోనిచ్చాయి. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని, ముస్తాబై పోయేవాళ్లను చూసేదాన్ని. రెండు కోడింగ్ పరీక్షల్లో పోయాను. ఒక ఇంటర్వ్యూ దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ సాయంత్రం అత్తమ్మ ఫోన్లో, "కొలువు రాకుంటే ఇంటికి రా బిడ్డా, అన్నం లేదా మనకు?" అంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

చివర్లో ఒక స్టోరేజీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. ఇంటర్వ్యూ చేసినాయన నా లాగ్ గురించే అడిగాడు. ఒకదాని మీద ఒకటి. డిస్కు రాశానని చెప్పి నిజంగా రాయకపోతే ఏమవుతుంది, అన్నాడు. జవాబు వచ్చింది. బోర్డు మీద గీసి చూపించాను. వారం తర్వాత ఉద్యోగం ఇచ్చినట్టు మెయిల్ పెట్టారు. మెషీన్ లెర్నింగ్‌కు పోయిన నా రూమ్మేట్‌కు కూడా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆమె రోజులో ఎక్కువ భాగం డేటా శుభ్రం చేయడంలోనే గడుపుతానని చెప్తుంది. నా విద్యార్థి పగటి పనికి మారాడు. నిద్ర పడుతోందట.

పాప ఇప్పుడు నాతో హైదరాబాద్‌లోనే చదువుతోంది. మా ఆయన బదిలీ కాక నల్లగొండ నుంచి శనివారాలు వచ్చిపోతాడు. కంపెనీల్లో మనుషులను తీసేస్తున్నారన్న వార్త చదివినప్పుడల్లా ఆ చలికాలపు భయమే తిరిగొస్తుంది. వేరేది తీసుకుని ఉంటే ఎట్లా ఉండేదో ఇప్పటికీ తెలియదు. ఆ భయంతోనే లేచి, పాపను బడి ఆటో ఎక్కించి, పనికి పోతాను.