మైనస్ పన్నెండు, మైనస్ పద్దెనిమిది

మా కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే పెద్దాయనకి పిల్లలు పెట్టిన పేరు యూనిట్ల మాస్టారు. ముద్దుగా పెట్టిన పేరు కాదది. లెక్కంతా సరిగ్గా చేసి చివర యూనిట్ రాయనివాడికి ఆయన సున్నా చుట్టేవాడు. ఎవడైనా లేచి "జవాబు ఇరవై సార్" అంటే, "ఇరవై ఏంట్రా, మేకలా, మైళ్ళా?" అని అడిగేవాడు. క్లాసంతా నవ్వేది, ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. నేను పక్క గదిలో కెమిస్ట్రీ చెబుతాను. రెండు గదులకీ మధ్య ఉన్నది గోడ కాదు, పైకప్పు దాకా కూడా రాని చెక్క. ఆయన పాఠాలు సగం నాకూ కంఠతా వచ్చాయి.

న్యూక్లియర్ ఫిజిక్స్ మొదలైందంటే ఆ చెక్క అదిరేది. పరమాణు కేంద్రకంలో కాస్త ద్రవ్యరాశి తగ్గితే అది శక్తిగా బయటికొస్తుంది. ఆ తగ్గుదలని ఏఎంయూ అనే అతి చిన్న కొలతలో చెబుతారు. ఒక ఏఎంయూ తగ్గితే 931.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. పాఠం ఇంతే, కానీ పిల్లలు పడే గోతులన్నీ ఈ ఇంతలోనే ఉన్నాయి. ఒకడు కిలోగ్రాముల్లో ఇచ్చినదాన్ని తీసుకెళ్ళి 931తో గుణిస్తాడు. ఒకడు ఏఎంయూని సరాసరి కాంతి వేగం వర్గంతో గుణించి, ఒక్క కేంద్రకం నుంచి ఊళ్ళకి ఊళ్ళని వెలిగించేంత శక్తి తీస్తాడు. ఇంకొకడు 931తో గుణించి, అది చాలనట్టు ఆ వర్గంతో మళ్ళీ గుణిస్తాడు. "ఆ వర్గం 931 కడుపులోనే ఉందిరా నాయనా. ఒక్క బస్సుకి రెండు టిక్కెట్లు కొంటావా?" అని మాస్టారు తల పట్టుకునేవాడు.

అన్నిటికంటే లోతైన గొయ్యి ఆ శక్తిని జూల్స్‌లోకి మార్చే దగ్గర ఉంది. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే 1.6 ఇంటూ పదికి మైనస్ పంతొమ్మిదో ఘాతం జూల్స్. మెగా అంటే పది లక్షలు కాబట్టి, ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మైనస్ పంతొమ్మిది మైనస్ పదమూడు అవుతుంది. ఎలక్ట్రాన్ ఆవేశానికీ అదే మైనస్ పంతొమ్మిది కనుక పిల్లలకి అదే నోట్లో నానుతూ ఉంటుంది, తొందరలో చెయ్యి దాని మీదికే పోతుంది. అందుకే మాస్టారు బోర్డు మీద ప్రతి వరసలోనూ యూనిట్ రాసేవాడు. ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేసి, మిగిలిందేమిటో వేలు పెట్టి చూపించాకే కింది వరసకి దిగేవాడు. ఒక లెక్కకి అరబోర్డు పట్టేది.

ఆయన కూతురు కూడా మా దగ్గరే చదివింది. మెడిసిన్ తప్ప ఇంకో మాట ఎత్తని పిల్ల. తండ్రి చేతిరాతే, తండ్రి పద్ధతే. మొదటిసారి పరీక్ష రాసినప్పుడు చేసిన ఫిజిక్స్ లెక్కలన్నీ సరిగ్గానే చేసింది. కాకపోతే చాలా లెక్కల దాకా వెళ్ళనేలేదు, ఈలోగా గంట కొట్టేశారు. సీటు రాలేదు. ఇంకొక్కసారి రాస్తాననీ, అప్పటికీ రాకపోతే ఏ డిగ్రీ దొరికితే అది చదువుకుంటాననీ తనే ఇంట్లో చెప్పింది. మాస్టారు ఆ సంగతి నాతో చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. పిల్ల ఓడిపోయింది తన పద్ధతి వల్లేనని ఆయనకి తెలుసు.

ఆ ఏడే డైరెక్టర్ ఒక కుర్ర లెక్చరర్ని తెచ్చాడు. పిల్లలు అతన్ని టిక్కు మాస్టారు అనేవారు, ఇది మాత్రం ముద్దుగానే. అతని దగ్గర అన్నిటికీ చిట్కాలే. న్యూక్లియర్ లెక్క వస్తే, "ఇచ్చిన అంకెని 931తో కొట్టు. జూల్స్ అడిగితే ఇంకో 1.6తో కొట్టు. పది మీద వేసే పవర్ల జోలికి పోకు. ఆ అంకెలున్న ఆప్షన్ ఒక్కటే ఉంటుంది, టిక్కు పెట్టి ముందుకెళ్ళు" అనేవాడు. పాత పేపర్లు తీసి చూపించేవాడు, నిజంగానే ఒక్కటే ఉండేది. పిల్లలు ఫోన్లలో లెక్చరర్లకి మార్కులు వేస్తే అతను పైన, మాస్టారు అట్టడుగున.

డైరెక్టర్ మాస్టార్ని స్టాఫ్ రూములోనే, మా అందరి ముందే అడిగాడు. అది కావాలని చేశాడని ఇప్పటికీ నా నమ్మకం.

"మీ పాఠం బాగోలేదని ఎవరూ అనట్లేదు మాస్టారూ. పిల్లలకి అంత ఓపిక లేదంటున్నా. నలుగురితో పాటు నారాయణా అనకపోతే ఎట్లా?"

"పవర్ చూడకుండా లెక్క ఎట్లా చెప్పమంటారండీ?"

"సొంత కూతురికి సీటు తెప్పించలేకపోయారు. ఇంకా పద్ధతేంటి మాస్టారూ?"

ఆ మాట అన్నాక డైరెక్టర్ టీ తాగాడు. మేమందరం మా మా గ్లాసుల్లోకి చూసుకున్నాం. నాకు ఒళ్ళు మండింది, మండి ఏం లాభం, నేనూ నా టీ తాగాను. మాస్టారు మాత్రం చాక్‌పీసు ముక్కలు ఏరి జేబులో వేసుకుని క్లాసుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు చెక్క అవతలి నుంచి వినిపించిన గొంతు ఆయనదే, పాఠం మాత్రం ఆయనది కాదు. "తగ్గిన ద్రవ్యరాశి ఇంటూ 931. జూల్స్ కావాలంటే ఇంటూ 1.6. అంకెలు చూడండి, టిక్కు పెట్టండి." అర నిమిషంలో అయిపోయింది. ఈలలు, బల్లల మీద చరుపులు. ఆ గోలలోనే కూతురి గొంతు వినిపించింది.

"సార్, పవర్ రాయలేదు."

"ఆప్షన్లో ఉంటుందమ్మా."

"యూనిట్ కూడా రాయలేదు. 931 పక్కన మెగా ఉండాలి కదా సార్?"

"ఉంటే ఉంటుంది. దాని కోసం ఆగితే పోయినసారి ఏమైందో చూశావుగా. టిక్కు పెట్టి ముందుకెళ్ళు."

పిల్ల కూర్చుంది. ఆమె మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. నెల తిరిగేసరికి వారపు పరీక్షల్లో టైం మిగుల్చుకోవడం మొదలుపెట్టింది. మాస్టారికి ఫోన్లలో మార్కులూ పెరిగాయి. ఇంటి దగ్గర ఆయన భార్య నాతో, "మా ఇద్దరికీ కాస్త కంటి మీద కునుకు పడుతోంది మేడం" అంది.

పరీక్ష రోజు గేటు బయట మాస్టారూ నేనూ ఎండలో నిలబడ్డాం. కూతురు అందరికంటే ముందు బయటికొచ్చింది, దాదాపు పరిగెత్తుకుంటూ.

"నాన్నా, అన్నీ చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు. ఇంకా టైం మిగిలింది."

ఆయన చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"న్యూక్లియర్ లెక్క వచ్చిందా?"

"వచ్చింది నాన్నా. 0.02 ఏఎంయూ తగ్గింది, శక్తి జూల్స్‌లో చెప్పమన్నాడు. క్షణంలో చేసేశా. 18.63, ఇంటూ 1.6. కాకపోతే ఈసారి ఒకే అంకెలతో రెండు ఆప్షన్లు ఇచ్చాడు. రెండూ 2.98 లే, ఒకటి మైనస్ పన్నెండు, ఒకటి మైనస్ పద్దెనిమిది."

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పేపర్ తయారుచేసినవాడికి మా చిట్కాలన్నీ తెలుసు. మాస్టారి చేతిలో సీసా మూత అలాగే ఉండిపోయింది.

"నువ్వేది పెట్టావమ్మా?"

"మైనస్ పద్దెనిమిది. 1.6 అంటే మైనస్ పంతొమ్మిదే కదా. 18 ఇంటూ 1.6 దగ్గర ముప్పై, అందుకని ఒకటి ఎక్కి మైనస్ పద్దెనిమిది. కరెక్టేగా నాన్నా?"

గుణకారం తప్పులేదు, ఘాతం కూడిక తప్పులేదు. ఆ 18.63 మెగా ఎలక్ట్రాన్ వోల్టులన్న సంగతి ఒక్కటే దారిలో ఎక్కడో జారిపోయింది. రావాల్సింది మైనస్ పన్నెండు, పది లక్షల రెట్ల తేడా. ఆయన నా వైపు చూశాడు. కాపాడమన్నట్టు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"మంచిదమ్మా. ఇంటికెళ్ళి భోంచేద్దాం పద" అన్నాడు.

ఆ సాయంత్రమే సెంటర్లో జవాబులు తయారుచేసి గోడకి అంటించాలి. న్యూక్లియర్ లెక్క దగ్గర టిక్కు మాస్టారు పెన్ను నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "ఇది మీరే రాయండి మాస్టారూ, మీరైతే నీట్‌గా రాస్తారు" అన్నాడు. మాస్టారు రాశాడు. మొదటి వరసలో ఏఎంయూ, రెండో వరసలో మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, మూడో వరసలో మైనస్ పదమూడు, చివర జూల్స్. కొట్టేసిన యూనిట్ల మీద సన్నటి గీతలు కూడా గీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారే, ఆ ఆకులు ఎంత పచ్చగా ఉన్నాయో నా కళ్ళారా చూశాను. డైరెక్టర్ వచ్చి చూసి, "ఇదీ స్టాండర్డ్ అంటే" అన్నాడు. ఆ క్షణాన ఆయన నెత్తిన సిరా బుడ్డి బోర్లించాలనిపించింది.

ఫలితాలొచ్చాయి. చివరి సీటు వచ్చినవాడికీ ఆ పిల్లకీ మధ్య మూడు మార్కులు. ఆ ఒక్క లెక్క ఒప్పయితే నాలుగు వచ్చేవి, తప్పు కాబట్టి ఇంకొకటి పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఎవరికీ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, కూడికలు అందరికీ వచ్చు.

కాలేజీలో చేరే కాగితాల మీద తండ్రి సంతకం కోసం ఆ పిల్ల స్టాఫ్ రూముకి వచ్చింది. ఏదో డిగ్రీ, తనడిగింది కాదు. గదిలో మేం ముగ్గురమే. సంతకం పెట్టించుకున్నాక వెళ్ళిపోకుండా నిలబడింది.

"గోడ మీది జవాబు మీరు రాసిందేగా నాన్నా?"

"నేనే."

"అట్లా చేయాలని మీకు ఎప్పటినుంచి తెలుసు?"

ఆయన అబద్ధం ఆడలేదు. అదొక్కటీ ఆయన పక్కన రాసుకోవచ్చు.

"నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసమ్మా. పోయినసారి నీకు టైం చాలలేదని, ఈసారన్నా..."

"పోయినసారి మీరు చెప్పింది నేను నిదానంగా చేశాను. అది నా తప్పే." గొంతు పెంచలేదు, ఏడవనూ లేదు. కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. "ఈసారి తెలియక మిమ్మల్ని అడిగాను. మీరు తెలిసి చెప్పలేదు."