జానయ్య చేసిన పంపకం

జానయ్య పేరు ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కోపం ఆయన మీద కాదు, ఆయన కన్న ఇద్దరి మీద. కనడం ఆయన తప్పేనంటే మరి నేనేం చెప్పలేను.

దిల్‌సుఖ్‌నగర్‌ మెట్రో దిగి గాజుల కొట్ల సందులోకి తిరిగితే, రెండో అంతస్తులో నా గది. బయట బోర్డు మీద ‘సూర్యప్రభ, మ్యూచువల్ ఫండ్స్’ అని ఉంటుంది. నాది భీమవరం పక్క పల్లె. పెళ్లయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా నా మాట మారలేదు. మీ యాసేంటి మేడం అని ఎవరైనా నవ్వితే, మీ డబ్బుకి యాస లేదు కదా, అటు పెట్టండి అంటాను.

జానయ్యది నల్గొండ జిల్లా. ఆర్టీసీలో డ్రైవరుగా విజయవాడ రోడ్డు మీదే జీవితమంతా గడిపి, రిటైరై ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డాడు. బడంగ్‌పేట్‌లో తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని రోజుల్లో కొన్న జాగా ఒకటి ఉండేది. రెండువేల పంతొమ్మిది మొదట్లో దాన్ని అమ్మి, ఖర్చులూ అప్పులూ పోగా మిగిలిన ఇరవై లక్షలతో, భార్య రాములమ్మను వెంటబెట్టుకుని నా గదికొచ్చాడు. కొడుకు సాయినాథ్‌కి పది, కూతురు విజయశ్రీకి పది. ఎవరి పేరు మీద వాళ్లకే పెట్టెయ్యాలన్నాడు.

“డిపోల అందరు ఇండెక్సు ఇండెక్సు అంటున్నరు. గదేందమ్మా జర సమఝ్ చెయ్యి.”

చెప్పాను. దేశంలో పెద్ద కంపెనీలు యాభై ఏరి ఒక జాబితా కడతారు, దాని పేరు నిఫ్టీ. ఫండు ఆ యాభైనీ కొంటుంది, ఏది మంచిదో ఎవరూ కూర్చుని ఎంచరు. అందుకే ఖర్చు తక్కువ.

“యాభై మందికి తలా ఇంత?”

“కాదండీ. మార్కెట్లో ఎవరి విలువ ఎంతో వాళ్ల వాటా అంత. మీ వంద రూపాయల్లో సగానికి పైగా మొదటి పది కంపెనీలకే పోతాయి. చివరి వాళ్లకి రూపాయి కూడా దక్కదు.”

ఆయన మొహం చిట్లించాడు. “అంటే సీట్లు యాభై, మంది మొత్తం ఫుట్‌బోర్డు కాడనే. బండి ఒక దిక్కు ఒరుగదా?”

ఒరుగుతుంది, కానీ ఆ బరువు ఊరికే రాలేదండీ అన్నాను. పెద్దవి పెరిగాయి కనుకే బరువయ్యాయి. అవి పడితే వాటి వాటా దానంతటదే తగ్గుతుంది. ఆ ఒరుగుడు బొత్తిగా వద్దనుకుంటే ఇంకో రకం ఫండుంది. అవే యాభై కంపెనీలు, కాని తలా రెండు రూపాయలు. మూడు నెలలకోసారి పెరిగినవి కొంచెం అమ్మి, తగ్గినవి కొని మళ్లీ సమానం చేస్తారు. దాని బాధ దానికుంది. పెద్దవే పరిగెత్తే రోజుల్లో ఇది వెనకబడుతుంది, ఖర్చూ కాస్త ఎక్కువ.

“ఏది మంచిదమ్మా?”

“తెలిస్తే నేనీ సందులో ఎందుకుంటాను జానయ్యగారూ? ఇద్దరికీ రెండిట్లోనూ చెరి సగం వేద్దాం. గొడవుండదు.”

ఎవరైనా చెప్పే మాటే అది. ఆయన మాత్రం అడ్డంగా తల ఊపాడు. “వద్దు. గట్ల ఏస్తే ఎవలది ఆళ్లకే అయితది. ఒగల మొఖం ఒగలు ఎందుకు జూస్తరు? ఒగలకు బరువుది, ఒగలకు సమానంది ఏద్దాం. తీసిన్నాడు రెండు కలిపి చెరి సగం జేసుకోవాలె. ఒకటి పడ్డా ఇంకోటి ఆదుకుంటది. అన్నాచెల్లెళ్లు గూడ గంతే ఉండాలె.”

చూశారా ఆయన ఆశ! ఫండుల్ని పెట్టి పిల్లల్ని ముడెయ్యాలనుకున్నాడు. నా పాతికేళ్ల వ్యాపారంలో అలాంటి కోరిక కోరినవాడు ఇంకొకడు లేడు. అలా కాదండీ, మాట ఎన్నాళ్లుంటుందని గట్టిగానే వాదించాను. “నా పిల్లలమ్మా” అన్నాడు. ఫారాలు బయటికి తీశాను.

వాళ్ల ఊళ్లో భూములు పంచినట్టే ఇంట్లో చీట్లు వేశారు. రాములమ్మ తీసింది. బరువు ఫండు సాయినాథ్‌కి, సమానంది విజయశ్రీకి పడ్డాయి. సంతకాలకి వచ్చినప్పుడు నా ఎదుటే ఇద్దరూ సరే నాయినా అన్నారు. సాయినాథ్ ఒక అడుగు ముందుకేసి, “చెల్లెకు తక్కువొస్తే నేను లేనా?” అని చెల్లెలి జడ లాగాడు కూడా. జానయ్య మొహం వెలిగిపోయింది.

ఆ ఏడాదంతా పరుగు పెద్ద కంపెనీలదే. వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కొన్ని నిఫ్టీని భుజాన మోశాయి, మిగతావి చతికిలబడ్డాయి. ఏడాది తిరిగేసరికి అన్నకి పెట్టిన పది లక్షలు పదకొండుంబావు దాటాయి. చెల్లెలిది పదిన్నర కూడా కాలేదు.

సరిగ్గా అప్పుడే విజయశ్రీకి అవసరం పడింది. ఆ పిల్లది మగ్గం వర్కు. మా సందు చివరే చిన్న షెట్టర్లో కిరాయికి ఉండి, పెళ్లి జాకెట్లు కుట్టేది. ఓనరు ఆ షెట్టరు అమ్ముతానన్నాడు. ఫండుతో సహా ఆమె దగ్గరున్నదంతా ఊడ్చి పెట్టినా యాభై వేలు తక్కువైంది. రెండు ఫండులూ కలిపి చెరి సగం చేసుకుంటే దాదాపు ఆ యాభై వేలే ఆమె వైపు వస్తాయి. అందరూ నా గదిలో కూర్చున్నారు.

“నాయిన మాటున్నది గదా అన్నా” అంది విజయశ్రీ.

సాయినాథ్ కార్ల షోరూంలో సేల్స్ చేస్తాడు, మాటకేం కరువు లేదు. “మాట సరే. పైకి పోయినయి పెద్ద కంపెనీలు. నాకు పడ్డయి పెద్ద కంపెనీలు. దానికి నేనేం జేయాలె? నాది పడితే నువ్విచ్చేదానివా?”

“ఇయ్యకపోతుంటినా?”

“గిప్పుడంటవ్ తియ్. అమల ఒప్పుకోదు.” అమల వాళ్లావిడ. పాపం, ఆ గదిలో లేని మనిషి మీదికి నెట్టేశాడు.

జానయ్య కొడుకు మొహంలోకి చూస్తూ, “సాయీ, నువ్వే అన్నవ్ గద బిడ్డా, నేను లేనా అని” అన్నాడు. సాయినాథ్ ఫోను చూసుకుంటూ లేచిపోయాడు. షెట్టరు సెల్‌ఫోను కవర్లు అమ్మే ఎవడో కొన్నాడు. విజయశ్రీ మగ్గం తీసుకుని నాగోల్‌లో అద్దెకున్న ఇంటి వరండాలోకి పోయింది. పెళ్లి జాకెట్ల గిరాకీ వరండాకి రాదు. ఇంకెందుకా డబ్బు, ఉండనీ అని ఫండు ముట్టుకోలేదు.

తర్వాత కరోనా వచ్చింది. ఆ నెలలో రెండు ఫండులూ కలిసే మునిగాయి. అందరూ మునిగేటప్పుడు బరువైనా సమానమైనా ఒకటే, ఆ సంగతి ఎవరూ అడగరు కనుక నేనే చెబుతున్నా. లేచేటప్పుడు మాత్రం లెక్క తిరగబడింది. ఈసారి వెనకున్న మధ్యవాళ్లు పరిగెత్తారు. అన్నిటికంటే బరువైన బ్యాంకొకటి ఏళ్ల తరబడి ఉన్నచోటే కూర్చుంది. అది కదలకపోతే బరువు ఫండుకి కాలికి రాయి కట్టినట్టే.

రెండువేల ఇరవై నాలుగు జనవరి. సాయినాథ్ నాగోల్‌లో ఫ్లాటు చూసుకుని టోకెన్ ఇచ్చేశాడు. ఫండు తీద్దామనుకుంటుండగా ఆ బ్యాంకు షేరు ఒక్కరోజులో ఎనిమిది శాతం పడింది. నిఫ్టీ రెండు శాతం పడింది. మెట్లు దబదబా ఎక్కి వచ్చాడు.

“యాభై కంపెనీలన్నవ్ గదా మేడం! ఒక్క బ్యాంకు పడితే నా పైసలు ఎట్ల పడ్డయ్?”

“వందలో పదమూడు ఆ బ్యాంకే నాయనా. పదమూడు మీద ఎనిమిది శాతమంటే రూపాయి పైనే. రెండు రూపాయల నష్టంలో సగం ఆ ఒక్కదానిదే. మీ చెల్లి ఫండులో ఆ బ్యాంకు రెండు రూపాయలు, దాని వల్ల పోయింది పదిహేను, పదహారు పైసలు.”

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగడుగా! “చెల్లెది ఎంతున్నది?” అన్నాడు. అది ఆమె లెక్క, నేను చెప్పకూడదన్నాను. రెండు ఫండుల ధరలూ ఫోన్లోనే ఉంటాయి, వాడే చూసుకున్నాడు. తనవి ఇరవై ఒకటి చిల్లర. ఆమెవి ఇరవై మూడు దాటాయి. తన పది రెట్టింపైందన్న సంగతి గాలికి పోయింది. “నాయిన మాటున్నది గదా!” అన్నాడు. ఛీ! నాలుగేళ్లు ఆ మాట ఎక్కడ దాచాడో.

తండ్రిని బండి మీద ఎక్కించుకుని విజయశ్రీ ఇంటికి పోయాడు. నన్నూ రమ్మన్నారు. వెళ్లకుండా ఉండాల్సింది, కాని జానయ్య ముఖం చూసి కాదనలేకపోయాను. వరండాలో మగ్గానికి చీర బిగించి ఉంది. విజయశ్రీ సూది ఆపలేదు.

“రెండు కలిపి చెరి సగం జేస్తే నాకు లక్షొస్తది. రిజిస్ట్రేషన్‌కు గంతే తక్కువున్నది” అన్నాడు సాయినాథ్.

“ఇస్త అన్నా. నా షెట్టరు నాకియ్యి, నీ లక్ష తీస్కపో.”

“అదెక్కడ తెచ్చియ్యాలె? అమ్ముడుపోయింది గదా!”

“మరి నాయిన మాట గూడ అప్పుడే అమ్ముడుపోయింది.”

జానయ్య వరండా మెట్టు మీద కూర్చుని, “బిడ్డా, నా కోసం” అన్నాడు. ఆ పిల్ల అప్పుడు సూది ఆపింది. “నీ కోసం ఆరోజు అడిగిన నాయినా. ఆడు నీ కోసం ఇయ్యలే” అంది. ఏడుస్తూనే అంది, కాని ఇవ్వలేదు. తప్పు ఎవరిదని నన్నడిగితే చెబుతాను. వాడిదే. అయినా మెట్టు మీద కూర్చున్న మనిషికి ఆ తీర్పు దేనికి పనికొస్తుంది?

ఫ్లాటు పోయింది, టోకెన్ పోయింది. రాఖీకి విజయశ్రీ రాలేదు. పిల్లల్లో ఒకరు వస్తే రెండోవాళ్లు ఆ పూట రారని, ఇద్దరికీ విడివిడిగా వండుతున్నానని రాములమ్మ ఒకసారి మెట్రోలో కనిపించి చెప్పింది.

మొన్న వానల్లో జానయ్య మళ్లీ వచ్చాడు. ఆర్టీసీ నుంచి రావాల్సిన పాత సొమ్ము కొంత చేతికొచ్చిందట. పిల్లల కోసం పెడుతున్న ఆఖరి డబ్బు ఇదేనన్నాడు. ఈసారి నేను ఊరుకోలేదు.

“నా మాట వినండి. ఇద్దరికీ రెండు ఫండుల్లోనూ చెరి సగం.”

“వద్దమ్మా. ఇద్దరికీ ఒక్కదాంట్లనే ఏయ్. గా బరువుదాంట్లనే.”

“అదేంటండీ! ఫుట్‌బోర్డు కాడ మంది అన్నది మీరేగా? ఆ బ్యాంకు ఇంకా బరువుగానే ఉంది.”

“ఉండని. ఒక్కదాంట్ల పెడితే ఒగలది జూసి ఒగలు ఏడ్వరు గదా. ఇద్దరికి పైస తేడా రాదు గదా?”

“ఒకే రోజు ఒకే మొత్తం పెడితే రాదు” అన్నాను. రెండిట్లో చెరి సగం పెట్టినా రాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “గా బ్యాంకు పడ్డనాడు ఇద్దరి పైసలు పోతయ్. ఇద్దరికి కోపమొస్తది. నిన్ను తిట్టనీకి ఇద్దరు ఒక్కసారే ఈ మెట్లెక్కుతరమ్మా” అన్నాడు. “అప్పుడు నాకు జర ఫోన్ చెయ్యి.”