మాత్రల డబ్బా ఎవరి దగ్గరుంది

మాణిక్యం సిస్టరుగారి అసలు పేరు రత్నమాణిక్యం. భీమవరంలో మేమిద్దరం పనిచేసిన నర్సింగ్ హోములో ఆవిడ వార్డు సిస్టరు. నేను నర్సింగు పాసై కొత్తగా చేరిన పిల్లని. ఆవిడంటే నాకు మొదట్లో భయం, తర్వాత కోపం, ఆ తర్వాత ప్రాణం. కోపం ఎందుకంటే, పేషెంటుకి ఒక మాట చెప్పి వస్తే సరిపోయేదానికి ముప్పావుగంట కూర్చోబెట్టేది.

మా మత్తు డాక్టరు కురియన్ గారిది కేరళ. మూడేళ్లయినా ఆయనకి తెలుగు "నమస్కారం", "నొప్పి ఉందా" దగ్గరే ఆగిపోయింది. ఆపరేషనుకి ముందు పేషెంటు ఏం తినకూడదో, ఏం తాగకూడదో, ఏ మాత్ర మానాలో, ఏది మానకూడదో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీసేవాడు. దాన్ని మనుషులకి తెలిసే తెలుగులో పెట్టడం సిస్టరుగారి పని. పని అని ఎవరూ అప్పగించలేదు. ఆవిడే నెత్తిన వేసుకుంది.

అంతకుముందు అచ్చు వేయించిన చీటీ ఒకటుండేది. "శస్త్రచికిత్సకు పూర్వము నోటి ద్వారా ఏమియు తీసుకొనరాదు." అది చదివి పిఠాపురం నుంచి వచ్చిన ఒక షావుకారుగారు తెల్లారి గుడికెళ్లి గిన్నెడు పంచామృతం పుచ్చుకుని వచ్చాడు. ఇదేంటండీ అంటే, "ప్రసాదం తిండి ఎలా అవుతుందమ్మా?" అన్నాడు. ఆ రోజే సిస్టరుగారు అచ్చు చీటీల కట్టని అటక మీద పడేసి, తెల్లకాగితం తీసుకుని సొంతంగా రాయడం మొదలుపెట్టింది. అన్నం, ఇడ్లీ, పాలు, మజ్జిగ, కాఫీ, కొబ్బరినీళ్లు, తీర్థం, ప్రసాదం, కిళ్లీ, చుట్ట, అన్నిటినీ పేరుపెట్టి రాసేది. "ఆహారం అని రాస్తే ఎవరికి వాళ్లు తమది కాదనుకుంటారు పూజితా. పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతారు" అనేది.

రాసి ఊరుకోదు. చెప్పింది తిరిగి చెప్పించుకుంటుంది. ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటికి. వెనక నుంచి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

రెండువేల ఒకటిలో, ఒక బుధవారం సాయంత్రం ఆంజనేయరాజుగారు వచ్చారు. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న పెద్దమనిషి, అరవై దాటాయి. పిత్తాశయంలో రాళ్లు. మర్నాడు పదిన్నరకి ఆపరేషను. రాజమండ్రి నుంచి సర్జనుగారు మా దగ్గరకి గురువారం ఒక్కరోజే వచ్చేవారు. రాజుగారు పరీక్షలన్నీ చేయించుకుని, హాస్పిటల్ మంచం మీద తనకి నిద్రపట్టదనీ, పొద్దున్నే కారులో దిగిపోతాననీ ఖాయంగా చెప్పేశారు.

సిస్టరుగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రాజుగారూ, రాత్రి పదింటి తర్వాత తిండి అన్నది వద్దండి. పాలు, కాఫీ కూడా తిండి కిందే లెక్క. ఉత్త మంచినీళ్లు పొద్దున్న ఎనిమిదింటిదాకా తాగొచ్చు, ఆ తర్వాత అవీ వద్దు. బీపీ మాత్ర మానకూడదండి, ఆరింటికి ఒక్క గుక్క నీళ్లతో వేసుకోండి. సుగరు మాత్ర మాత్రం ముట్టుకోవద్దు. ఏదీ, ఓసారి మీరు చెప్పండి."

రాజుగారు నవ్వారు. "నన్ను బళ్లో కూర్చోబెట్టావేంటమ్మా" అంటూనే అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పారు. పదిన్నీ, ఎనిమిదిన్నీ, బీపీదీ, సుగరుదీ అన్నీ సరిగ్గా చెప్పారు. సిస్టరుగారి మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "చూశావా, చెప్పించుకుంటే ఎలా ఉంటుందో" అంది. రాజుగారు చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కారెక్కారు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆయన, భార్య లక్ష్మీనరసమ్మగారు, వెనక రెండు కార్ల బంధువులు దిగారు. రాజుగారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ పంచెలో పెళ్లిపెద్దలా ఉన్నారు.

"పొద్దున్నుంచీ ఏమన్నా పుచ్చుకున్నారా అండీ?" అని సిస్టరుగారు అడిగింది.

"చెప్పావు కదమ్మా. ఏమీ లేదు."

"సుగరు మాత్ర?"

"లేదన్నానుగా!"

సిస్టరుగారు కేసు షీటులో ఖాళీ కడుపు అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం చూసే కురియన్ గారు మత్తిస్తారు. పది దాటాక నేను వేలు పొడిచి సుగరు చూశాను. రెండు వందల ముప్పై ఆరు. ముందురోజు ఆయన తెచ్చిన రిపోర్టులో పరగడుపున నూటయాభై ఉంది. కురియన్ గారికి చూపిస్తే, ఆపరేషను భయానికి కూడా సుగరు పెరుగుతుంది, ఇన్సులిన్ ఇచ్చి సర్దుదాం అన్నారు. అదీ నిజమే. రాజుగారిని బల్ల మీదకి ఎక్కించారు.

సిస్టరుగారు మాత్రం ఆ అంకెనే చూస్తూ నిలబడింది. "పూజితా, నిన్న ఆయన మాత్రల పేర్లు చెప్పారా?" అంది.

"లేదండీ. బీపీది, సుగరుది అన్నారంతే."

"రంగు?"

"అడగలేదు కదండీ."

"నేనూ అడగలేదు" అని గబగబా వరండాలోకి నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను.

లక్ష్మీనరసమ్మగారు బెంచీ చివర ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నారు. బంధువులందరూ మాట్లాడుతున్నారు, ఆవిడ ఒక్కరే మాట్లాడటంలేదు. సిస్టరుగారు ఆవిడ పక్కన కూర్చుంది. ఏమన్నా తిన్నారా అని అడగలేదు.

"అమ్మగారూ, రాజుగారి మాత్రల డబ్బా ఎవరి దగ్గరుంటుందండీ?"

"నా దగ్గరేనమ్మా. ఏది దేనికో ఆయనకేం తెలుసు? చెయ్యి చాపుతారు, నేను వేస్తాను."

నిన్నంతా మేం పాఠం చెప్పింది ఆ చాపిన చేతికి!

"ఇవాళ ఏం వేశారండీ?"

"రోజూ వేసేవే. రెండూనూ." ఆవిడ గొంతు సన్నబడింది. "మింగేశాక ఆయనకి గుర్తొచ్చింది, సుగరుది వద్దన్నారని. పోయినేడు ఆ మాత్ర వేసుకుని తినకుండా చెరువు గట్టు మీదకెళ్లి కళ్లు తిరిగి పడిపోయారమ్మా. తినకుండా ఆ మాత్ర వెయ్యొద్దని అప్పుడు డాక్టరుగారే చెప్పారు. అందుకని..."

"అందుకని ఏం పెట్టారండీ?"

"రెండు ఇడ్లీలు. ఏడింటికి." కళ్లనీళ్లు టపటపా రాలాయి. "ఎవరికీ చెప్పొద్దన్నారు. అంత బాగా అప్పజెప్పి మర్చిపోయానంటే నామోషీ అన్నారు. పైగా పెద్ద డాక్టరుగారు మళ్లీ వారందాకా రారట కదా."

గోడ మీద గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. సిస్టరుగారు పరుగెత్తడం నేను ఆ ఒక్కసారే చూశాను. మేం తలుపు తోసేసరికి కురియన్ గారి చేతిలో మత్తుమందు సిరంజి ఉంది, సూది సెలైను గొట్టంలో ఉంది.

"సర్, ఆపండి! ఇడ్లీ తిన్నారు, ఏడింటికి. సుగరు మాత్ర కూడా వేసుకున్నారు" అని ఇంగ్లీషులో అరిచింది.

కురియన్ గారు మారుమాట్లాడకుండా సూది బయటికి తీసేశారు. ఇడ్లీ లాంటి తేలిక తిండికైనా ఆరు గంటలు ఆగాలి. సుగరు మనిషికి అరుగుదల ఇంకా నిదానం. బల్ల మీద రాజుగారు తేలు కుట్టిన దొంగలా కళ్లు మూసుకున్నారు.

సర్జనుగారు అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. ఆయన మధ్యాహ్నం మరో ఊళ్లో ఉండాలి, కేసు వచ్చే గురువారానికి పోయింది. "షీటులో సంతకం ఎవరిది?" అన్నారు. "నాదేనండి" అంది సిస్టరుగారు. పేషెంటు అబద్ధం చెప్పాడని అనొచ్చు. నేనైతే అదే అనేదాన్ని. ఆవిడ అనలేదు. సర్జనుగారు అందరి ముందూ చెడామడా తిట్టారు. ఆవిడ తల వంచుకుని వింది. నాకు ఏడుపొచ్చింది.

గదిలోకి తెచ్చాక రాజుగారికి కోపం తన్నుకొచ్చింది. "రెండిడ్లీలకి ఇంత రాద్ధాంతమా? నలుగురిలో తలవంపులు!"

సిస్టరుగారు ఆయనకి టిఫిను తెప్పించింది. సుగరు మాత్ర కడుపులో ఉంది, తిండి లేకపోతే అదింకో ప్రమాదం. ప్లేటు చేతికిచ్చి నెమ్మదిగా చెప్పింది. "రాజుగారూ, మెలకువగా ఉన్నప్పుడు ముద్ద గొంతుకి అడ్డం పడితే దగ్గుతాం కదండీ? మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. మనిషి దక్కడం కష్టమండి." తర్వాత ఇంకో మాట అంది. "తప్పు మీది కాదు, నాది. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు."

రాజుగారు ఇడ్లీ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు.

మళ్లీ బుధవారం డ్యూటీ దిగగానే ఆవిడ నన్ను బస్సెక్కించి ఉండిలో రాజుగారింటికి తీసుకెళ్లింది. తిన్నగా వంటింట్లోకి. లక్ష్మీనరసమ్మగారు పీటలు వేశారు. చీటీ ఇంకా ఆవేళ్టి చొక్కా జేబులోనే ఉందట, చాకలికి వేసేటప్పుడు బయటపడింది. సిస్టరుగారు చీటీ తియ్యలేదు. మాత్రల డబ్బా నేల మీద బోర్లించింది. రెండూ తెల్లవే, చిన్నవే. బీపీ మాత్ర ఒకటి విడిగా కాగితంలో చుట్టి స్టీలు గ్లాసులో వేసింది. సుగరువి పొట్లం కట్టి, దారం బిగించి, "ఇది రేపు విప్పకండి. మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో నేను చెప్తాను. చెమటలు పట్టినా కళ్లు తిరిగినా ఇంట్లో ఏమీ పెట్టకండి, తిన్నగా మా దగ్గరకి తీసుకొచ్చెయ్యండి, సూదిలో గ్లూకోజు ఇస్తాం" అంది. తర్వాత తిండి సంగతీ నీళ్ల సంగతీ చెప్పి, ఆవిడ చేత మొత్తం తిరిగి చెప్పించుకుంది. ఈసారి నాకు ఒళ్లు మండలేదు.

బస్సు దాకా సాగనంపుతూ లక్ష్మీనరసమ్మగారు అన్నారు. "ఈయనకి ఇరవై ఏళ్ల నుంచి సుగరమ్మా. ఎంతమంది డాక్టర్లని చూశామో. ఏది చెప్పినా ఆయనకే చెప్పారు. నాకు చెప్పింది మీరొక్కరే."

బస్సులో సిస్టరుగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆవిడ రిటైరయ్యేదాకా ఎవరికీ తిండి సంగతి ముందుగా చెప్పలేదు. "పొద్దున్నే మీకు కాఫీ ఎవరిస్తారండీ?" అని అడిగేది, ఆ మనిషి వచ్చేదాకా కాగితం తీసేది కాదు. ఇప్పుడు నేనూ అంతే. నా కింద పిల్లలకి ఒళ్లు మండుతున్నట్టే ఉంది.

రాజుగారింటికి వెళ్లొచ్చిన మర్నాడు, ఆ గురువారం, రాజుగారు బల్ల ఎక్కబోతుంటే, సిస్టరుగారు షీటు పట్టుకుని నిలబడింది.

"రాజుగారూ, పొద్దున్నుంచీ ఏమన్నా పుచ్చుకున్నారా అండీ?"

రాజుగారు తలుపు దగ్గర నిలబడ్డ భార్య వైపు వేలు చూపించారు.

"నన్నెందుకమ్మా, ఆవిణ్ణి అడుగు" అన్నారు.

లక్ష్మీనరసమ్మగారు కొంగు సర్దుకుని, ఒక్కడుగు ముందుకు వేశారు.

"రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం పెట్టాను. పొద్దున్న ఆరింటికి బీపీ మాత్ర, ఒక్క గుక్క నీళ్లు. సుగరుది వెయ్యలేదు." సంచీలోంచి దారం విప్పని పొట్లం తీసి సిస్టరుగారి చేతిలో పెట్టారు. "ఇంకేమీ ఇవ్వలేదమ్మా. నాదీ పూచీ."

సిస్టరుగారు సంతకం పెట్టింది.