సమంగా ఉన్న రైజర్

ఆదోనిలో ఒక పోత కార్ఖానాలో ఇసుక అచ్చులు కట్టేవాణ్ణి. పుల్లీ చక్రం నడిమి లావు దిమ్మకు పైన, ఇసుకలో రైజర్ అని గొట్టంలాంటి ఖాళీ ఒకటి వదులుతాం. కరిగిన ఇనుము అందులోకీ నిండుతుంది. చల్లారినాక నా రైజర్ల తల జొన్నరొట్టె పెనంలా సమంగా ఉండేది. అదే నా పనితనమని వచ్చినోళ్లందరికీ చూపించేవాణ్ణి.

ఒకనాడు ఎమ్మిగనూరు నూనె మిల్లు నుంచి పుల్లీ వెనక్కి వచ్చింది. లేత్ మీద దిమ్మకు బెజ్జం వేస్తే లోపల గుంత బయటపడిందట. "తడి ఎక్కువైంది, ఇది ఆవిరి బుడగ!" అని ఇసుక తడిపే అన్న మీద ఎగిరినాను.

మా ఉస్తాద్ గుంతలో వేలు పెట్టినాడు.

"బుడగైతే నున్నగ ఉంటాది. ఇది గరగర ఉంది సూడప్పా. లావు దిమ్మ ఆఖర్న గడ్డకడతాది. కుంచించుకుపోతా ఇంకింత ఇనుము అడుగుతాది. నీ సన్న రైజర్ అప్పటికే గడ్డకట్టి కూసుంది. ఇంగ యాడ నుంచి పెడతాది?"

నాకు మండింది. అయినా రైజర్‌ను దిమ్మకన్నా లావు చేసినాను. ఇనుము పోసే దారిని పుల్లీ అంచు నుంచి దిమ్మ పక్కకు మార్చినాను. దాంతో వేడి ఇనుము చివరిదాకా అక్కడే ఉంటుంది.

చల్లారినాక చూస్తే రైజర్ తల గిన్నెలా కుంగిపోయింది. చెడిపోయిందని సుత్తి విసిరేసినాను. ఉస్తాద్ పకపకా నవ్వి దిమ్మను లేత్ ఎక్కించి బెజ్జం వేసినాడు. లోపల ఒక్క గుంత లేదు.

ఇన్నేళ్లూ నేను మురిసిపోయి చూపించింది దిమ్మను పస్తుపెట్టిన రైజర్లనే.