మంగళవారం దిగిన సంచులు

పద్మలత లింగాల ఘనపూర్ ఆడబిడ్డ. మానుకోటకు కోడలై వచ్చి ఇరవై ఆరేళ్లు. ఆటో నడిపీ నడిపీ భర్త నడుము పోగొట్టుకున్నాక, పన్నెండేళ్ల కింద రామచందర్ సేటు కారంపొడి మిల్లులో గోదాము గుమాస్తాగా చేరింది. డిగ్రీ సగంలో ఆపేసిన మనిషి. అయినా ఆమె రాసిన పుస్తకంలో కొట్టివేత కనబడితే ఆ రోజు ఆమెకు జ్వరమేమోనని మిల్లులో అనుకునేవారు. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడిందంటే ఎదుటివాళ్లు తడుముకోవలసిందే.

సేటుకు ఒక పట్టింపు ఉంది. మంగళవారం సరుకు దింపుకోవచ్చు గానీ పుస్తకంలో ఎక్కించకూడదు. వాళ్ల తాత కాలం నుంచీ అంతేనట, ఎందుకో ఆయనకే తెలియదు. మంగళవారం వచ్చినదాన్ని బుధవారం పొద్దున రాసేవారు. పద్మలత చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి నేర్చుకుంది. ఆ తర్వాత దాని గురించి ఆలోచించే తీరిక ఆమెకూ లేదు, అడిగినవాళ్లూ లేరు.

పాత రోజుల్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. సరుకు పంపేవాళ్ల పనితీరు ఫారం అప్పుడూ ఉండేది. ఏటా మార్చిలో, కప్పు టీ చల్లారేలోపు, అందరి పేర్ల పక్కనా 'బాగుంది' అని రాసి పడేసేది పద్మలత. దాన్ని చదివినవాడు లేడు.

సేటు కొడుకు వినయ్ పగ్గాలు పట్టాక కథ మారింది. పెద్ద కంపెనీలకు కారంపొడి పంపాలంటే వాళ్ల ఆడిటర్లు వచ్చి ప్రతి కాగితమూ తిరగేస్తారు. అందుకని నిరుడు గోదాముకు కంప్యూటర్ వచ్చింది, ఫారానికి మార్కులు వచ్చాయి. గడువుకు సరుకు చేర్చినందుకు నలభై, నాణ్యతకు నలభై, ఫిర్యాదు చేస్తే ఎంత తొందరగా పలికారో దానికి ఇరవై. డెబ్బై అయిదు దాటితే ఏడాది ఒప్పందం మళ్లీ రాసుకుంటారు. అరవై నుంచి డెబ్బై అయిదు వరకు వస్తే మూడు నెలలు గమనిస్తారు. అరవైకి తగ్గితే సెలవు.

ఈ మార్చిలో తొమ్మిది ఫారాలు అచ్చయ్యాయి. ఏడో ఫారం దగ్గర పద్మలత చెయ్యి ఆగింది.

అది దంతాలపల్లి బాలనర్సమ్మది. తొమ్మిదిమంది ఆడవాళ్లను కూడగట్టి, ఆరేళ్లుగా మిల్లుకు గుడ్డ సంచులు కుట్టి పంపుతోంది. ఆమెకు ఇంకో గిరాకీ లేదు. ఈ ఒప్పందం పోతే ఆ తొమ్మిది మిషన్లూ మూలకు చేరతాయి. నాణ్యతలో ఆమెకు ముప్పై ఎనిమిది: ఏడాదిలో ఇరవై నాలుగు వేల సంచులు పంపితే పన్నెండు వందలు కుట్టు వదిలి వెనక్కి వెళ్లాయి. ఫిర్యాదుకు పలకడంలో ఇరవైకి ఇరవై: వెనక్కి వెళ్లినవన్నీ రెండు రోజుల్లో మార్చి పంపింది. గడువు దగ్గర మాత్రం సున్నా. నలభై ఎనిమిది సార్లు సరుకు వస్తే నలభై ఎనిమిది సార్లూ ఒక రోజు ఆలస్యం. మొత్తం యాభై ఎనిమిది.

పద్మలతకు మొదట కంప్యూటర్ మీదే కోపం వచ్చింది. సంచులు ఆలస్యమై మిల్లు ఆగిన రోజు ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు. గేటు దగ్గరికి పోయింది.

"తుల్సీరాం అన్నా, జర నీ పుస్తకం ఇయ్యి."

కాపలా తుల్సీరాం లోపలికొచ్చే ప్రతి బండినీ తేదీ, టైముతో రాస్తాడు. ఆయన రాత ఆయనకే అర్థం కావాలి గానీ అంకెలు మాత్రం స్పష్టం. దంతాలపల్లి ఆటో: మంగళవారం, తొమ్మిది నలభై. అంతకుముందు వారం: మంగళవారం, తొమ్మిదిన్నర. వెనక్కి తిప్పినకొద్దీ మంగళవారాలే. ఆర్డరు కాగితం మీదున్న గడువూ మంగళవారమే. ఎక్కించిన తేదీనే కంప్యూటర్ సరుకు వచ్చిన తేదీగా తీసుకుంది. ఎక్కించింది పద్మలత, బుధవారం నాడు. మంగళవారం గడువున్నది బాలనర్సమ్మ ఒక్కదానికే.

"ఏమైందక్కా, గట్ల నిలబడ్డవు?" అన్నాడు తుల్సీరాం.

"నీ పుస్తకం మంచిగనే ఉన్నదన్నా. నాదే మంచిగ లేదు" అంది పద్మలత.

గేటు పుస్తకమూ తన పుస్తకమూ తీసుకుని వినయ్ గదిలోకి వెళ్లింది. అతను విని తల పట్టుకున్నాడు. అతని భయం సంచుల గురించి కాదు. ఒక సరుకు వచ్చిన తేదీ తప్పంటే ఆడిటర్ మిగతా తేదీలన్నీ తవ్వుతాడు.

"అక్కా, ఒక పని చెయ్. నాణ్యతల ముప్పై ఎనిమిది ఉన్నది కదా, నలభై వెయ్. అరవై అయితది. మూడు నెలలు చూస్తమని రాద్దాం. ఆమె పనీ పోదు, మనకూ లొల్లి ఉండదు."

తేలికైన దారే. పద్మలతకు ఆశ కూడా పుట్టింది, అబద్ధమెందుకు. రెండు మార్కులు, ఒక్క గీత. తన పేరు ఎక్కడా రాదు. కానీ అలా రాస్తే బాలనర్సమ్మ ఏడాదంతా ఆలస్యం చేసిందన్నది కాగితం మీద అట్లాగే ఉంటుంది. మూడు నెలల తర్వాత దాన్ని చూసి ఎవరైనా ఆమెను మార్చేయవచ్చు. పైగా వాపసు పోయిన పన్నెండు వందల సంచులు కూడా అబద్ధమైపోతాయి.

"వద్దు వినయ్ సార్. ఆమె సంచులు వాపస్ పోయినయి, గది నిజం. ఆమె లేట్ చెయ్యలే, గది గుడ నిజం. రెండూ ఉన్నయి ఉన్నట్టు రాస్త."

"ఆడిటర్ అడిగితే ఎవరు చేసిన్రని చెప్తవ్?"

"నా పేరు రాస్త."

పాత తేదీల్ని ఆమె చెరపలేదు. నలభై ఎనిమిది ఎంట్రీలకూ గేటు పుస్తకం నకళ్లు జతచేసింది. ఫారం అడుగున రాసింది: 'సరుకు గడువుకే చేరింది. గోదాము గుమాస్తా మరుసటి రోజు ఎక్కించినందువల్ల ఆలస్యంగా కనబడింది. ఇకమీదట సరుకు దిగిన రోజే ఎక్కించబడును.' కింద సంతకం. సేటు పట్టింపు గురించి ఒక్క మాటా లేదు. సేటు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సరే, మంగళారం గుడ రాయిండ్రి" అన్నాడు. అంతకుమించి ఆయన అనలేదు. వినయ్ మాత్రం పద్మలతకు హెచ్చరిక మెమో ఇచ్చాడు, ఆడిటర్‌కు చూపడానికి అదొకటి కావాలి కదా. పన్నెండేళ్లలో ఆమెకు అదే మొదటిది. మడిచి సంచిలో పెట్టుకుంది.

బాలనర్సమ్మకు తొంభై ఎనిమిది వచ్చింది. సంతకానికి పిలిస్తే శుక్రవారం వచ్చింది. తన పేరు రాయడం వరకే వచ్చు కాబట్టి ఫారమంతా పద్మలతే చదివి వినిపించింది, మొదట వచ్చిన సున్నాతో సహా. మంగళవారం పట్టింపునూ, తన తప్పునూ దాచలేదు.

బాలనర్సమ్మ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"మా ఇంట్ల గుడ మంగళారం బండి కట్టరు పద్మమ్మా. మా అత్త ఉన్నన్ని రోజులు నాతోని కొట్లాడింది. మీ కాగితం మీద మంగళారమని ఉన్నదని ఆరేండ్లు ఆమె మాట కాదని పంపిన. బుధారం పంపినా నడుస్తుండెనా?"

పద్మలతకు ఏడుపొచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.