తెగిన గీతల రోడ్డు

అంబులెన్సు డ్రైవరుకు మ్యాపు చదవడం రాదంటే నవ్వుతారు. నవ్వండి, నాకేం! ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నడిపితే మీకే తెలుస్తుంది. అందుకే మా ఆస్పత్రి ఆఫీసులో దారులు కాగితం మీద రాసిచ్చే దారులక్క ఉండేది. అసలు పేరు జీతం రిజిస్టరులో తప్ప ఎక్కడా కనపడేది కాదు.

బండి కావలసినవాళ్ళు తమ కాలనీ గేటు దగ్గరి మ్యాపు బోర్డును ఫోటో తీసి పంపేవారు. అక్క ముందు ఉత్తరం బాణం వెతికేది. తర్వాత మూలనున్న గుర్తుల పట్టిక చదివేది. ఫోటోలో అది సగమే పడితే మళ్ళీ తీసి పంపమనేది. అప్పుడే పెన్ను తీసేది. "వాటర్ ట్యాంకు దాటాక రెండో కుడి. పెట్రోలు బంకు కనబడిందా, దాటిపోయావన్నమాట, వెనక్కి తిరుగు."

"కుడి ఎడమలు నీ సీటులోంచి చూసినట్టే రాశాను, తల గోక్కోకు," అనేది నాతో.

ఆ రోజు ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేశారు. కాళ్ళు పడిపోయిన మనిషి. భార్య మా ఆస్పత్రిలోనే ఉంది, ఇక గంటల్లోనే అన్నారు డాక్టర్లు. "బండి త్వరగా పంపండమ్మా, నన్ను అడుగుతోందట," అన్నారు. పక్కింటాయన పంపిన ఫోటోలో పట్టిక కింది సగం లేదు. మళ్ళీ తీయించమని అడగడానికి అక్కకు నోరు రాలేదు. పార్కు పక్కన జంట తెగిన గీతలున్నాయి. అలాంటివంటే అంతకుముందు చూసిన మ్యాపులన్నింటిలోనూ మట్టిరోడ్డే. అదే రాసింది: "పార్కు దాటాక ఎడమ, మట్టిరోడ్డు, అర కిలోమీటరు."

నేను ఎడమకు తిరిగాను. కొంతదూరం హద్దురాళ్ళు, ఆపైన పెద్ద గుంత. ఆ మ్యాపులో తెగిన గీతలంటే ముందుముందు వేయబోయే రోడ్డట. చక్రం మట్టిలో దిగబడింది. బండి బయటికి లాగి, దారి అడుక్కుంటూ వెళ్ళేసరికి నలభై నిమిషాలు. ఈలోగా ఫోనులో అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మాటలు వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండును.

మాస్టారిని వార్డుకు చేర్చేసరికి ఆవిడ పోయి పావుగంటయింది.

వారం తర్వాత ఆయన ఆఫీసుకు ఫోన్ చేశారు. ఫోను స్పీకరులో ఉంది. ఎదురు కుర్చీలో నేనూ విన్నాను.

"కాగితం రాసింది మీరేనటగా. డ్రైవరుగారు మా మంచం మీద మరిచిపోయారు. ఎంత పొందికగా రాశారమ్మా! ఒక్కటే తప్పుంది, దిద్దాను. రాసుకోండి, ఇంకొకరికి పనికొస్తుంది."

అక్క పెన్ను తీసింది.

"పార్కు దగ్గర తిరగొద్దు, నేరుగా రావాలి. స్కూలు గోడ అయిపోయాక ఎడమ. మూడో ఇల్లు మాది. రాశారా?"

"రాశానండీ."

"పార్కు నుంచి నాలుగు నిమిషాలు. అంతేనమ్మా."

అక్క ఆ నాలుగు నిమిషాలు మాత్రం రాయలేకపోయింది.